ప్రత్యక్ష పద్ధతి నగదు ప్రవాహ పట్టిక

వ్యాపార కార్యకలాపాల్లో వచ్చిన నగదునూ చెల్లించిన నగదునూ వేర్వేరు పద్దులుగా చూపే పట్టిక ఇది. పరోక్ష పద్ధతి లాభంతో మొదలై, సర్దుబాట్ల మీదుగా అదే మొత్తానికి చేరుతుంది. పెట్టుబడి, నిధుల సమీకరణ విభాగాలు రెండు పద్ధతుల్లోనూ ఒకటే.

కందుకూరులో ఒక పశువుల దాణా దుకాణం ఉందనుకుందాం. ఏడాది అమ్మకాలు 10 లక్షలు, అమ్మిన సరుకు ఖరీదు 6 లక్షలు, రొక్కంగా కట్టిన ఖర్చులు 1.5 లక్షలు, తరుగుదల 50 వేలు. లాభం 2 లక్షలు. పాడిరైతుల అరువు బాకీలు 1.5 లక్షలు, సరుకు నిల్వ 50 వేలు, సరఫరాదారులకు ఇవ్వాల్సినది 30 వేలు పెరిగాయి.

ప్రత్యక్ష పద్ధతిలో ఖాతాదారుల నుంచి వసూలు 8.5 లక్షలు. సరఫరాదారులకు 6.2 లక్షలు, ఖర్చులకు 1.5 లక్షలు పోగా మిగిలింది 80 వేలు. తరుగుదల నగదు కాదు కాబట్టి ఇందులో కనిపించదు.

పరోక్ష పద్ధతిలో 2 లక్షల లాభానికి తరుగుదల 50 వేలు, సరఫరాదారుల బాకీ 30 వేలు కలిపి, అరువు 1.5 లక్షలు, నిల్వ 50 వేలు తీసేస్తారు. వచ్చేది అదే 80 వేలు. రెండు మొత్తాలూ కలవకపోతే తరచూ కారణం ఏదో ఒక సర్దుబాటు గుర్తు తారుమారవడమే.

లాభం ఎందుకు చేతికి రాలేదో పరోక్ష పద్ధతి చెబుతుంది; వసూళ్ల అసలు పరిమాణం మాత్రం ప్రత్యక్ష పద్ధతిలోనే తేటపడుతుంది. ఇండ్ ఏఎస్ 7 రెండింటినీ అనుమతిస్తూ ప్రత్యక్ష పద్ధతిని ప్రోత్సహిస్తుంది. అయినా సెబీ 2015 నిబంధనలు లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికల్లో పరోక్ష పద్ధతినే కోరాయి.