కొత్తవాడ షత్రంజీ కొన్నవారు మళ్లీ ఎందుకు రారు: కొనుగోలుదారులను అడగాల్సిన నాలుగు ప్రశ్నలపై పరిశీలన

వరంగల్ కొత్తవాడలో నేసే నూలు షత్రంజీలకు ‘వరంగల్ దర్రీలు’ పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుకుకు పేరు రావడం వేరు, ఒకసారి కొన్న ఇల్లు రెండోసారి అదే దుకాణం మెట్లెక్కడం వేరు. ఈ రెండోదాని గురించి తెలుసుకోవాలంటే కొన్నవారినే అడగాలి. అయితే చాలాచోట్ల అడిగే ప్రశ్న ఒక్కటే: ‘మా సరుకు ఎట్లుందండీ?’ దానికి వచ్చే జవాబూ ఒక్కటే: ‘మంచిగనే ఉంది.’ అడిగినవారికీ చెప్పినవారికీ మొహమాటం తీరుతుంది తప్ప విషయం బయటపడదు. ఏ ప్రశ్నలు అడిగితే విషయం బయటపడుతుందో, వచ్చిన జవాబులను ఎలా చదవాలో చూడడమే ఈ వ్యాసం పని. హాస్టళ్లకూ సంస్థలకూ టోకుగా వెళ్లే సరుకు సంగతి వేరు కనుక దాన్ని పక్కన పెట్టి, ఇంటి వాడకానికి కొనేవారి వరకే పరిమితమవుతున్నాను.

ముందుగా, ‘రావడం మానేశారు’ అని ఎవరిని అనాలి? కిరాణా కొట్టుకు నెల రోజులు రాని మనిషి మరో కొట్టుకు వెళ్తున్నట్టే లెక్క. షత్రంజీ అలా కాదు. గట్టి నేత అయితే ఏళ్ల తరబడి వస్తుంది. రెండేళ్లుగా రాని కొనుగోలుదారు అలిగి ఉండవచ్చు, లేదా కొన్నది ఇంకా నిక్షేపంగా ఉండడం వల్లే రాకపోవచ్చు. బిల్లు పుస్తకంలో ఈ ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. వీరిని విడదీయని సర్వే ఎంతమందిని అడిగినా తప్పుదారే పట్టిస్తుంది. కాబట్టి కారణం కంటే ముందు అవసరం గురించి అడగాలి: ఆ తర్వాత కింద పరుచుకోవడానికి ఏమైనా కొన్నారా, లేదా?

రెండో చిక్కు ‘ఎందుకు’ అనే మాటలోనే ఉంది. నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లో ప్రచురించిన వ్యాసంలో ఒక దుకాణంలో జరిపిన ప్రయోగాన్ని వివరించారు. వరుసగా పెట్టిన నాలుగు జతల మేజోళ్లలో మేలైనది ఏదో చెప్పమని వచ్చినవారిని అడిగారు. నాలుగూ అచ్చంగా ఒకటే రకం. అయినా కుడి చివర ఉన్నదాన్ని ఎంచుకున్నవారు ఎడమ చివరిదాన్ని ఎంచుకున్నవారికి దాదాపు నాలుగు రెట్లున్నారు. కారణం అడిగితే, సరుకు ఉన్న చోటు వల్ల ఎంచుకున్నామని ఒక్కరూ అనలేదు. వాళ్లు అబద్ధమాడలేదు. తమ ఎంపిక వెనక ఏముందో మనుషులకు అన్నిసార్లూ తెలియదు. కానీ అడిగితే నమ్మదగిన కారణం ఒకటి నోటికి వచ్చేస్తుంది. మన బజారులో అలా తేలిగ్గా వచ్చే కారణం ‘రేటెక్కువ’. ఎవరినీ నొప్పించని జవాబు అది. అందుకే ‘ఎందుకు రావట్లేదు’ అని కాకుండా ‘ఏం జరిగింది’ అని అడగాలి.

జరిగింది అడిగే పద్ధతికి పరిశోధనలో మంచి పునాదే ఉంది. ఫ్లానగన్ 1954లో ‘కీలక సంఘటనల పద్ధతి’ని వివరించారు. సూసన్ కీవనీ 1995లో అదే పద్ధతిలో 500 మందికి పైగా వినియోగదారులను, ఒక సేవా సంస్థను వదిలి మరోదానికి వెళ్లిన సందర్భాన్ని చెప్పమని అడిగారు. వచ్చిన కథనాల్లో ధర ఒక కారణమే, కానీ అన్నింటికంటే ఎక్కువగా కనిపించింది అసలు పనిలో జరిగిన లోపం. లోపం జరిగాక సంస్థ స్పందించిన తీరూ వేరే కారణంగా తేలింది. అది సేవారంగం గురించిన అధ్యయనం, మనది నేత సరుకు. అయినా లోపాన్నీ, లోపం తర్వాతి ప్రవర్తననూ విడిగా చూడాలన్న సూత్రం ఇక్కడికీ సరిపోతుంది.

షత్రంజీ విషయంలో సంఘటన ఎక్కడ జరుగుతుంది? గల్లాపెట్టె దగ్గర కాదు, ఇంట్లో, మొదటిసారి నీళ్లలో వేసినప్పుడు. ఎరుపు, నలుపు, ముదురు నీలం వంటి రంగులు వదిలి పక్కనున్న తెల్ల పట్టీకి అంటుకోవడం, నూలు ముడుచుకుని కొలత తగ్గడం, అంచు పోగులు ఊడడం, అన్నీ అప్పుడే బయటపడతాయి. అంటే బిల్లు ఇస్తూ ‘తృప్తిగా ఉన్నారా’ అని అడగడం లోపం ఇంకా పుట్టకముందే దాని గురించి అడగడం. కొని మూడు నాలుగు నెలలయ్యాక అడిగితేనే ఈ ప్రశ్నకు అర్థం ఉంటుంది.

నా దృష్టిలో అడగాల్సినవి నాలుగే, ఈ వరుసలోనే, ఇక్కడి మాటలోనే:

‘అమ్మా, మా దగ్గర తీసుకున్న షత్రంజీ ఇప్పుడు ఇంట్ల ఏడ ఉంది?’

‘మొదటిసారి ఉతికినప్పుడు ఎట్లయింది?’

‘ఆ తర్వాత కింద పరుచుకునేందుకు ఇంకేమన్న కొన్నరా? ఎక్కడ, ఎంతకు?’

‘ఆ కొనే రోజు మా దుకాణం యాదికొచ్చిందా? వస్తే ఇటు రాకుండ ఏం అడ్డమైంది?’

మొదటి ప్రశ్నలో మెచ్చుకోలూ లేదు, ఫిర్యాదూ లేదు. కనుక మొహమాటానికి చోటులేదు. ‘హాల్ల పరిచే ఉంది’ అన్నా, ‘మడతపెట్టి బీరువా మీద ఏసినం’ అన్నా, ‘పనామెకు ఇచ్చేసినం’ అన్నా ఒక్కోటి ఒక్కో కథ. నాలుగో ప్రశ్నలో అసలు దుకాణం గుర్తుకు రాలేదంటే అది కోపం కాదు, మరుపు. మరుపుకు మందు వేరు, కోపానికి వేరు.

అడిగేది ఎవరన్నదీ ముఖ్యమే. యజమానే ఫోన్ చేస్తే ఎదుటివారు మర్యాద తప్పరు. అమ్మకంలో లేని మనిషి, ‘మంచి చెడు రెండూ రాసుకుంటున్నం’ అని ముందే చెప్పి, సమ్మతి తీసుకుని అడగాలి. బిల్లు మీద ఉన్న నంబరు చాలాసార్లు డబ్బిచ్చిన మగమనిషిది. షత్రంజీ ఉతికింది మరొకరు. ‘ఉతికిన వాళ్లకు ఫోనియ్యరా’ అని అడగకపోతే రెండో ప్రశ్నకు ‘ఏమో, మంచిగనే ఉన్నట్టుంది’ అన్న జవాబే వస్తుంది.

ఇక జవాబులను చదవడం. పద్ధతి స్పష్టం కావడానికి ఒక ఊహాత్మక లెక్క తీసుకుందాం. ఇవి సర్వేలో వచ్చిన అంకెలు కావు. ఒక దుకాణం రెండేళ్ల కిందటి బిల్లుల నుంచి, నచ్చినవారిని ఏరకుండా ప్రతి అయిదో బిల్లు తీసి, 60 ఇళ్లకు ఫోన్ చేసిందనుకుందాం. 40 మంది మాట్లాడారు. అందులో 22 మందికి మళ్లీ అవసరమే రాలేదు. మిగిలిన 18 మందిలో నలుగురు ఇదే దుకాణంలో మళ్లీ కొన్నారు, 14 మంది వేరేచోట కొన్నారు. అంటే నిజంగా పోయినవారు 36 మంది కాదు, 14 మందే.

ఈ 14 మందిలో ఆరుగురు ధర మాట ఎత్తారు. కానీ ‘అక్కడ ఎంతకు కొన్నరు’ అన్నదానికి వారిలో నలుగురు చెప్పిన మొత్తం ఇక్కడ అదే కొలతకు ఉన్న ధరకు సమానమో, ఎక్కువో. మూడో ప్రశ్నలో ‘ఎంతకు’ అన్న చిన్న మాట చేసే పని ఇదే. ఇది లేకపోతే యజమాని రేటు తగ్గించి, లాభం పోగొట్టుకుని, మనుషులను మాత్రం తెచ్చుకోలేకపోయేవాడు.

రెండో ప్రశ్నకు ఆ 14 మందిలో అయిదుగురు రంగు వదిలిందన్నారు. కారణం దొరికిందని ఇక్కడే ఆగిపోవడం ఇలాంటి సర్వేల్లో తరచూ జరిగే పొరపాటు. అదే ప్రశ్నకు మిగతా 26 మంది ఏమన్నారో చూడాలి. వారిలోనూ ఎనిమిది మందికి రంగు వదిలిందనుకుందాం. పోయినవారిలో 100కు 36, మిగతావారిలో 100కు 31. ఇంత చిన్న లెక్కలో ఈ తేడా తేడానే కాదు. రంగు వదలడం ఒక్కటే మనుషులను దూరం చేయలేదన్నమాట. మానేసినవారిని మాత్రమే అడిగి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. వస్తున్నవారినీ, అవసరం రానివారినీ అవే మాటలతో అడగాలని పట్టుబట్టేది ఇందుకే.

మరి రంగు వదిలిన 13 ఇళ్లలో తేడా ఎక్కడుంది? జవాబులు మాటకు మాటగా రాసుకుని ఉంటే కనబడుతుంది. ఆ ఎనిమిది మందిలో ఆరుగురు ‘మొదటిసారి విడిగా, చల్లనీళ్లల్ల ఉతకమని అమ్మేటప్పుడే చెప్పిండ్రు’ అన్నారు. పోయిన అయిదుగురిలో అలా అన్నది ఒక్కరే. ముందే చెప్పిన చోట రంగు వదలడం ఊహించిన విషయమైంది, చెప్పని చోట మోసంలా అనిపించింది. ఆర్థికవేత్త హిర్ష్‌మన్ 1970 నాటి గ్రంథంలో, అసంతృప్తి పడ్డ మనిషికి నోరు విప్పడం, వెళ్లిపోవడం అన్న రెండు దారుల గురించి చర్చించారు. ఒక షత్రంజీ కోసం మళ్లీ దుకాణానికి వెళ్లి తగువు పడేకంటే మౌనంగా మరోచోటికి వెళ్లడమే సులువు. అందుకే ఫిర్యాదు పుస్తకం ఖాళీగా ఉండడం మంచి సరుకుకు రుజువు కాదు.

అయినా ఇది రుజువు దాకా రాదు. 13 ఇళ్లలో ఏడింటికి ముందే చెప్పినప్పుడు, ఆ చెప్పడానికీ మానేయడానికీ సంబంధమే లేకున్నా, ఇంత తేడా 100లో సుమారు తొమ్మిది సార్లు దానంతటదే రావచ్చు. పైగా జ్ఞాపకం వంకర పోతుంది: కోపంతో వెళ్లినవారు చెప్పిన మాటనూ చెప్పలేదనే గుర్తుపెట్టుకుంటారు. ఫోనెత్తని 20 ఇళ్లలో అందరికంటే ఎక్కువ నొచ్చుకున్నవారు ఉండవచ్చు. వారి కోసం వేరే వేళలో, వీలైతే వేరే మనిషితో మరోసారి ప్రయత్నించి, ఆలస్యంగా దొరికినవారి జవాబులు మొదట దొరికినవారి జవాబులతో కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే అసలు దొరకనివారి జవాబులు ఇంకా దూరంగా ఉంటాయని అనుమానించాలి.

ముందే చెబితే మనుషులు దూరం కారన్న ఈ సూచనను పరీక్షించే దారి ఒకటి దుకాణం చేతిలోనే ఉంది. ఒక నెల అమ్మే ప్రతి షత్రంజీ బిల్లు మీద ఉతికే పద్ధతి రాసి, నోటితోనూ చెప్పాలి. మరుసటి నెల మామూలుగానే అమ్మాలి. ఇలా నెల విడిచి నెల చేసి, నాలుగు నెలలయ్యాక ఇరువైపులవారికీ అవే నాలుగు ప్రశ్నలు వేయాలి. దాంతోపాటు బిల్లు మీద నూలు ఏ అద్దకం దఫాదో కూడా గుర్తు పెట్టాలి. రంగు వదలడం అన్ని దఫాల్లోనూ చెదురుమదురుగా ఉంటే ముందస్తు మాటతో పని జరుగుతుంది. ఒకే దఫా ఎరుపులోనో నలుపులోనో కుప్పపడితే అద్దకం తర్వాత నూలును సరిగా కడగలేదని అనుమానించాలి. అప్పుడు ఆ కాగితం పట్టుకుని వెళ్లాల్సింది అద్దకందారు దగ్గరికి.