ఊపిరి మీదెక్కిన ఆకాంక్ష

ప్రాణాయామం గురించి విన్న మనకు ఊపిరి పాఠం ఒక్కటే తెలుసు: మంచిని లోపలికి తీసుకో, చెడును బయటికి వదులు. టిబెట్ బౌద్ధుల టోంగ్‌లెన్ సాధన దీన్ని తిరగేస్తుంది. ఎదుటివారి బాధను నల్లని పొగలా పీల్చుకోవాలి, మన సుఖాన్ని తెల్లని వెలుగులా వారికి వదలాలి. కొని తెచ్చుకున్న తద్దినంలా ఉందే అనిపించడం సహజం. ఆ బెరుకు ఈ కాలపు సుకుమారమేమీ కాదు. సాధన చరిత్రలోనే అది కనిపిస్తుంది, నిజానికి సాధన పట్టు దొరికేది అక్కడే.

ఈ చరిత్రలో ఊపిరి చివర వచ్చింది, ముందు వచ్చింది ఆకాంక్ష. నాగార్జునుడు ఒక సాతవాహన రాజు కోసం రాశాడని సంప్రదాయం చెప్పే రత్నావళిలో, ఇతరుల పాపం తనకు పండాలని, తన పుణ్యం వారికి ఫలించాలని కోరుకుంటాడు. 8వ శతాబ్దంలో నలందా పండితుడు శాంతిదేవుడు బోధిచర్యావతారం ఎనిమిదో అధ్యాయంలో తనకూ పరులకూ స్థానాలు మార్చుకోవడాన్ని తర్కంతో సమర్థించాడు. ఎవరి బాధ వారే చూసుకోవాలంటే కాలి నొప్పి చేతిది కాదు కదా, చెయ్యి కాలినెందుకు కాపాడుతుందని ఆయన ప్రశ్న. 1042లో టిబెట్ చేరిన అతీశుడి శిష్యపరంపరలో ఈ బోధ నిలిచింది. తర్వాతి శతాబ్దంలో చెకావా యెషే దోర్జే, లాభం పరులకిచ్చి నష్టం తాను తీసుకోవాలన్న లంగ్రీ తంగ్‌పా పద్యం విని, దీనికి ఆధారముందా అని షరావా అనే గురువును అడిగాడట. ఆయన చూపింది రత్నావళినే. ఆ చెకావా కూర్చిన ఏడంశాల చిత్తశిక్షణలోనే, ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ ఊపిరి మీదికెక్కించాలన్న సూచన ఉంది.

ఊపిరే ఎందుకు? మంచి కోరిక కోరుకుని మరిచిపోవడం తేలిక. ఊపిరి ఆగదు కాబట్టి ప్రతి శ్వాసలోనూ 'వద్దు, ఇది నాది కాదు' అనే మనసు బయటపడుతుంది. ఆ పొగ గుండెలో పేరుకుపోదు, అక్కడున్న స్వార్థాన్ని కొట్టి కరిగిస్తుందని వ్యాఖ్యాతలు చెబుతారు. ఎదురుతిరిగేది ఆ స్వార్థమే గనుక బెరుకు కలగడం సాధన గురి తప్పలేదనడానికి గుర్తు.

ఊహతో ఎదుటివాడి జబ్బు తగ్గుతుందా అని అడగవచ్చు. చెకావా కుష్ఠురోగులకు ఇది నేర్పితే కొందరికి నయమైందని పాత కథనాలున్నాయి. వాటిని వైద్యసాక్ష్యంగా తీసుకోలేం. మారేది సాధకుడి మనసు, దాని వెంట ఎదుటివాడి దగ్గర అతని ప్రవర్తన. పీల్చడంతో బాధ్యత తీరిందనుకునేవాడికి అదీ మారదు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది: తనను తాను నిందించుకుంటూ కుంగిపోయినవాడి మీద మరింత బరువు మోపడం న్యాయమా? చెకావా సూత్రాల్లోనే జవాబుంది. తీసుకోవడం నీతోనే మొదలుపెట్టమంటుంది ఒక సూత్రం. రేపటి తన నొప్పిని నేడు భరించడానికి ఒప్పుకున్నాక ఆప్తులు, ఆ తర్వాతే శత్రువులు. ఆ మొదటి మెట్టు దాటేసి, లోకం బాధంతా ఒక్కసారే పీల్చమనే బోధను చెకావా పేరుతో చెప్పడం తప్పు.