ఎర్రబడిన కుక్క కన్నులో ఒత్తిడి కొలవడం ఎప్పుడు? తొలి పరీక్షలోనా, మూడు రోజుల తర్వాతా?

కుక్కల నేత్రవ్యాధుల గురించి మన పశువైద్య విద్యార్థులకు చాలాకాలంగా ఒక పద్ధతి నేర్పుతున్నాం. కన్ను ఎర్రబడి నీరు కారుతుంటే యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసి మూడు రోజులు చూడాలి. తగ్గకపోతే అప్పుడు ఒత్తిడి కొలవాలి. దీన్ని సమర్థిస్తూ ఒక పెద్ద వైద్యులు ఒక సదస్సులో చేసిన వాదనే ఈ వ్యాసానికి కారణం. రెప్ప మీద వేలు పెట్టి నొక్కితే అనుభవజ్ఞుడికి ఒత్తిడి తెలుస్తుందని, తిండి తింటున్న కుక్కకు కంటి నొప్పి లేనట్టేనని, కాబట్టి తొలిరోజే టోనోమీటర్ తీయనక్కర్లేదని వారన్నారు. ఆయన అనుభవం మీద నాకు గౌరవం ఉంది. ఈ మూడు మాటల్లో ఒక్కదాన్ని కూడా నేను ఒప్పుకోలేను.

మొదట వేలి సంగతి. ఆరోగ్యంగా ఉన్న కుక్క కంట్లో ఒత్తిడి సుమారు 10 నుంచి 25 మి.మీ. పాదరసం మధ్య ఉంటుంది. గ్లకోమా ఒక్కసారిగా ముంచుకొచ్చినప్పుడు అది 50, 60 కూడా దాటుతుంది. రాయిలా గట్టిపడిన కన్నును వేలు పట్టుకోగలదు. కానీ 22కూ 35కూ తేడా వేలికి అందదు. వైద్యుడు చూపును కాపాడగలిగే దశ సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. యువియైటిస్‌లోనూ కన్ను ఎర్రబడుతుంది, నొప్పి పెడుతుంది, కార్నియా మసకబారుతుంది. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీకియా మన ప్రాంతంలో మామూలు కాబట్టి ఈ రకం కన్ను మన దగ్గరకు తరచూ వస్తుంది. సాధారణంగా యువియైటిస్‌లో ఒత్తిడి తగ్గి, కంటిపాప ముడుచుకుపోతుంది. గ్లకోమాలో ఒత్తిడి పెరిగి, కంటిపాప విప్పారి వెలుగుకు కదలకుండా నిలిచిపోతుంది. మొదటిదానికి వాడే అట్రోపిన్ రెండోదానిలో ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. రెండోదానికి ప్రాణాధారమైన లాటనోప్రాస్ట్ యువియైటిస్ ఉన్న కంట్లో మంటను పెంచవచ్చు. ఇలా పరస్పర విరుద్ధమైన చికిత్సలున్న రెండు ఎర్ర కళ్లను వేరుచేసే అంకె టోనోమీటర్‌దే. మూడు రోజులు ఆగమనడమంటే, ఆ అంకె లేకుండానే మందు వేయమనడం.

నా దగ్గరకు వచ్చిన ఒక కేసు వివరిస్తాను. ఆరేళ్ల కాకర్ స్పానియల్, ఆడది, 12 కిలోల బరువు. ముందురోజు సాయంత్రం కుడికన్ను ఎర్రబడిందని, రాత్రంతా మంచం కింద పడుకుందని, పొద్దున అన్నం మాత్రం తిన్నదని ఇంటివారు చెప్పారు. తల నిమరబోతే పక్కకు తప్పుకుంటోంది. తెల్లగుడ్డు మీద లావైన రక్తనాళాలు ఉబ్బి కనిపిస్తున్నాయి, కార్నియా మీద నీలిపొగ కమ్మినట్టుంది, కంటిపాప విప్పారి ఉంది. కంటి ముందు చేయి ఆడిస్తే రెప్ప వాల్చలేదు. బలమైన వెలుగు వేస్తే మాత్రం కన్ను చిట్లించింది. ఇది చాలా ముఖ్యం: రెటీనాలో ఇంకా ప్రాణం ఉందనడానికి అదొక సూచన. రీబౌండ్ టోనోమీటర్‌తో చూస్తే కుడికన్ను 58, ఎడమకన్ను 19. కటకం తన చోటునే ఉంది. ముందుగదిలోకి జారి ఉంటే లాటనోప్రాస్ట్ వేయకూడదు. యువియైటిస్ ఆనవాళ్లు లేవు. ఒక చుక్క లాటనోప్రాస్ట్ వేసి, డార్జొలమైడ్ మొదలుపెట్టాం. గంటకు కంటిపాప సూదిమొనంత ముడుచుకున్నా ఒత్తిడి 37 దగ్గర ఆగింది. గుండె, మూత్రపిండాలు బాగున్నాయని నిర్ధారించుకుని 20 శాతం మానిటాల్ కిలోకు 1 గ్రాము లెక్కన, అంటే 60 మిల్లీలీటర్లు, అరగంట పాటు నెమ్మదిగా సిరలోకి ఎక్కించాం. తర్వాత కొన్ని గంటలు నీళ్లు పెట్టలేదు. పెడితే మందు పని పోతుంది. సాయంత్రానికి 21. మర్నాడు ఆ కుక్క ఎడమకన్ను మూసి ఉంచినా కుర్చీని తప్పించుకుని నడిచింది.

ఇదే కుక్కకు మూడు రోజులు స్టెరాయిడ్ చుక్కలు వేసి ఉంటే ఆ కన్ను పోయేదే. అధిక ఒత్తిడి దృష్టినాడి తలభాగాన్ని నలిపి, రక్తప్రసారాన్ని ఆపి రెటీనా కణాలను గంటల్లోనే దెబ్బతీస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆ నష్టం శాశ్వతమవుతుంది. కంటిగుడ్డు పెద్దదై బయటికి పొడుచుకొచ్చాక తెచ్చే కుక్కల్లో చూపు ఇక తిరిగి రాదు. నొప్పి తీర్చడమే వైద్యుడి చేతిలో మిగిలేది.

నొప్పి గురించి పెద్దవారి మాట నన్ను ఎక్కువగా బాధించింది. తిండి తినడం నొప్పి లేదనడానికి సాక్ష్యం కాదు. గ్లకోమా ఒక్కసారిగా ముంచుకొచ్చిన మనుషులు తలపోటు, వాంతులు చెప్పుకుంటారు, కుక్క మూలుగదు. ఎక్కువ నిద్రపోతుంది, ఆటకు రాదు, ఆ వైపు నుంచి చేయి పెడితే ఉలిక్కిపడుతుంది. వయసు మళ్లిందని ఇంటివారు సర్దుకుపోతారు. చూపు పోయి ఉబ్బిన కన్ను తీసేశాక, అదే కుక్క వారంలో బంతి తెచ్చి కాళ్ల దగ్గర పెడుతోందని యజమానులు చెప్పడం నేత్రవైద్యులందరికీ తెలిసిన విషయం. అంతకుముందు నెలలపాటు ఆ జంతువు ఏం భరించిందో ఆ బంతే చెబుతోంది.

టోనోమీటర్ తప్పు చెప్పవచ్చన్నది నిజమే: మెడపట్టీ గుంజినా, రెప్పను గట్టిగా లాగినా అంకె పెరుగుతుంది. దానికి మందు జాగ్రత్తగా కొలవడమే. కుక్కను కూర్చోబెట్టి, మెడ వదులుగా ఉంచి, రెప్పను ఎముక అంచు మీదే పట్టుకోవాలి. రీబౌండ్ పరికరాన్ని నేలకు సమాంతరంగా పట్టుకుని కుక్కల అమరిక మీద పెట్టాలి. దీనికి మత్తు చుక్క కూడా అక్కర్లేదు. పరికరం ఖరీదైనదే. షియోట్జ్ టోనోమీటర్ చవక, కానీ కార్నియా ఆకాశం వైపు తిరిగేలా తల ఎత్తి పట్టుకోవాలి, మత్తు చుక్క వేయాలి. సూది తక్కువ అంకె చూపితే ఒత్తిడి ఎక్కువని గుర్తుంచుకోవాలి. ఏదీ లేని చోట అనుమానమున్న కుక్కను అదే రోజు పరికరమున్న చోటికి పంపాలి. ఎర్రకన్నుకు ఒత్తిడి కొలవని చికిత్సను చికిత్స అనలేమని నా అభిప్రాయం.

రెండు కళ్లూ కొలవాలి. పుట్టుకతోనే కంటి కోణం ఇరుకైన కాకర్ స్పానియల్, బాసెట్ హౌండ్, షిబా ఇను వంటి జాతుల్లో మంచి కన్ను తర్వాతి వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. 2000లో పాల్ మిల్లర్ బృందం ప్రచురించిన బహుకేంద్ర అధ్యయనంలో, ఏ మందూ వేయని రెండో కన్ను మధ్యమ విలువగా 8 నెలల్లో గ్లకోమా బారిన పడింది. ముందుజాగ్రత్తగా బెటాక్సొలాల్ లేదా డెమెకేరియం చుక్కలు వేసిన కన్ను 30 నెలలకు పైగా నిలిచింది. ఇవి మధ్యమ విలువలే, ఒక్కో కుక్కకు ఇచ్చే హామీ కాదు. అయినా తొలి కన్ను పోయిన రోజునే రెండో కన్నుకు చుక్కలు రాయని వైద్యుడు, ఆ కుక్కకు దాదాపు రెండేళ్ల చూపును తగ్గిస్తుండవచ్చు.