అధ్యక్షుల వారి పరిచయం – మూడు కొలతలు

సభ చేసేవాళ్ళు కీలకోపన్యాసకుల పరిచయం ఎప్పుడూ మూడు కొలతల్లో అడుగుతారు. ఆహ్వానపత్రంలో పేరు కింద వేయడానికి రెండు మూడు వాక్యాలు, వేదిక మీద నిర్వాహకుడు చదవడానికి ఒక పేరా, సంచికలో అచ్చు వేయడానికి ఒక పుట. మా చిట్యాలలో జరిగే చిన్నపాటి సంస్మరణ సభలకు నేను ఇలాంటివి కొన్ని రాసిపెట్టాను. రాసేవాళ్ళలో చాలామంది పుటను ముందు రాసి, దాన్ని కత్తిరించి పేరా చేసి, పేరాను కత్తిరించి వాక్యాలు చేస్తారు. చిక్కంతా ఆ కత్తిరింపులోనే ఉందని నా అభిప్రాయం. ఎలాగో చెప్పడానికి మన జిల్లా మనిషినే ఒకరిని ఉదాహరణగా తీసుకుంటాను. దానికి ముందు ఒక పాత సంగతి.

తన గురించి తానే ప్రథమపురుషలో రాసుకోవడం మనకు కొత్త కాదు. మన కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్యం ఉంటుంది. ఫలానావారి పుత్రుడు, ఫలానా దేవుడి దయ వల్ల కవిత్వం అబ్బినవాడు, ఫలానా పేరు గలవాడు రచించిన ఫలానా గ్రంథంలో ఇది ఇన్నో ఆశ్వాసం అని. కవి ‘నేను’ అనడు. తన వంశం, కృతిభర్త వంశం, పూర్వకవుల స్తుతి, కావ్యం రాయడానికి దొరికిన సందర్భం, ఇవన్నీ విస్తారంగా చెప్పుకునే చోటు వేరే ఉంది. అది అవతారిక. అవతారిక ఒక్కసారే వస్తుంది, గద్యం ప్రతి ఆశ్వాసానికీ వస్తుంది. గద్యాన్ని అవతారిక నుంచి కత్తిరించి తీయలేదు. దాని పని వేరు కనుక దాన్ని వేరేగానే కట్టారు.

ఆ పని ఎంత గట్టిదో పోతన భాగవతంలో చూడవచ్చు. ఆ గ్రంథం మొత్తం పోతన చేతి మీదుగా మనకు రాలేదు. అయిదో స్కంధం గంగనది, ఆరోది సింగనది, పదకొండు, పన్నెండు వెలిగందల నారయవి. ఈ సంగతి మనకు ఆయా స్కంధాల చివర ఉన్న గద్యాలే చెబుతాయి. అవతారిక మొదటి స్కంధంలో ఉండిపోయింది. తాళపత్రాల కట్ట విడిపోయి ఒక్క స్కంధమే ఎవరి చేతికైనా దొరికినా, కర్త ఎవరో చెప్పడానికి ఆ రెండు మూడు పంక్తులు చాలు. చిన్న పరిచయం అంటే నాకు అదే. పెద్దది దగ్గర లేకపోయినా అబద్ధం కానిది.

ఇక మన ఉదాహరణ. చిట్యాల నుంచి రామన్నపేట, వలిగొండ మీదుగా భువనగిరి పోయే దారి ఉంది కదా. ఆ భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో 1908 జూన్ 4న రావి నారాయణరెడ్డి పుట్టారు. నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించినవారిలో ఒకరు. ఆనాటి మహాసభలో అధ్యక్షోపన్యాసమే కీలకోపన్యాసం. ఏ ఊళ్ళో సభ జరిగినా జనం దానికోసమే కూర్చునేవారు. ఆయన ఈనాడు మన సభకు వస్తున్నారని ఊహించుకుని, ఆహ్వానపత్రానికి ఇలా రాశాననుకోండి:

“రావి నారాయణరెడ్డి: ఆంధ్రమహాసభకు మూడుసార్లు అధ్యక్షులు. తెలంగాణ సాయుధ పోరాట నాయకులు. 1952లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు ఎన్నికైన కమ్యూనిస్టు.”

చదవడానికి బాగానే ఉంది. ఇలాంటివి మనం తరచుగా చూస్తూనే ఉంటాం. కానీ ఈ మూడు వాక్యాల్లో ఒక్కొక్కటీ ఏదో ఒక షరతును పోగొట్టుకుని వచ్చింది.

మూడుసార్లు అధ్యక్షత నిజమే. 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి, 1945లో ఖమ్మం. అయితే భువనగిరి దగ్గరే మహాసభ చీలింది. మితవాదులు విడిపోయి 1945లో మడికొండలో తమ సభ తాము జరుపుకున్నారు. కాబట్టి 1945 నాటికి ఆంధ్రమహాసభ పేరుతో రెండు సభలు ఉన్నాయి. పుటలో ఈ మాటకు చోటుంటుంది, ఆహ్వానపత్రంలో ఉండదు. అందుకని చిన్నదానిలో లెక్క చెప్పకుండా ఊళ్ళు, ఏళ్ళు చెప్పడం మంచిది. ‘మూడుసార్లు’ అంటే తీర్పు ఇచ్చినట్టు ఉంటుంది, ‘చిలుకూరు (1941), భువనగిరి (1944) మహాసభల అధ్యక్షులు’ అంటే సమాచారం ఇచ్చినట్టు ఉంటుంది. ఖమ్మం సంగతి పేరాలో వస్తుంది.

రెండో వాక్యం ఇంకా కష్టమైనది. నిజాం పాలన మీద జరిగిన పోరాటంలో ఆయన నాయకులే. కానీ 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చిన తరువాత సాయుధ పోరాటం కొనసాగించడాన్ని ఆయన వ్యతిరేకించారు. పార్టీ దాన్ని విరమించింది 1951 అక్టోబరులో. నడుమ మూడేళ్ళు. ఆయన జీవితంలో అన్నిటికన్నా బరువైన నిర్ణయం అదే అని నేననుకుంటాను. ‘సాయుధ పోరాట నాయకులు’ అనే రెండు ముక్కలు దాన్ని పూర్తిగా మింగేస్తాయి. పైగా ఆ మూడేళ్ళూ అడవుల్లో ఉండి పోరాడినవాళ్ళ ఖాతాను ఆయనకు రాసినట్టవుతుంది, ఆయన మాట కాదన్నవాళ్ళకూ అన్యాయమే. చిన్నదానిలో ‘నిజాం వ్యతిరేక పోరాట నాయకుల్లో ఒకరు’ అంటే చాలు. అది 1948కి ముందూ నిజమే, తరువాతా నిజమే.

మూడోది అందరికీ ఇష్టమైన వాక్యం. 1952 ఎన్నికల్లో ఆయనకు వచ్చినవి 3,09,162 ఓట్లు, నెహ్రూకు 2,33,571. అంకెల్లో పేచీ లేదు. కానీ అప్పటి నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి సాధారణ స్థానం, ఒకటి షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసింది. ఓటరుకు రెండు ఓట్లు, రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. ఇలాంటి నియోజకవర్గాల్లో ఓటర్లు మామూలు వాటికన్నా చాలా ఎక్కువమంది ఉండేవారు. నెహ్రూ నిలబడ్డ అలహాబాదు తూర్పు–జౌన్‌పూర్ పశ్చిమం కూడా అలాంటిదే కనుక ఆ ఇద్దరి మధ్య పోలిక న్యాయమైనదే. ఒక్క సభ్యుడి నియోజకవర్గాల్లో గెలిచినవాళ్ళతో కలిపి ‘దేశంలోకెల్లా’ అన్నప్పుడే ఈ వివరణ కావలసి వస్తుంది. ఇంకా ఒకటి. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద అప్పుడు నిషేధం ఉంది. ఆయన నిలబడింది పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున. మనిషి కమ్యూనిస్టే, టికెట్టు ఫ్రంటుది. ఈ రెండూ కలిపేస్తే, నిషేధం కింద ఉన్నవాళ్ళు ఎన్నికలకు ఎలా వచ్చారన్న కథే మాయమవుతుంది.

పుటలో వాక్యానికి పక్కన ఉన్న ‘అయితే’, ‘కానీ’, ‘ఆ తరువాత’ అనే మాటలే మొదట తెగిపోతాయి, విశేషణం మాత్రం మిగులుతుంది. కాబట్టి నేను పుట నుంచి కిందికి రాను. చిన్నదాన్నే ముందు రాస్తాను, ఏ వివరణా అక్కరలేని వాక్యాలతో. ఆ తరువాత ఒక్కొక్కదానికి వివరణ చేర్చుకుంటూ పైకి పోతాను. ఇలా:

“రావి నారాయణరెడ్డి: చిలుకూరు (1941), భువనగిరి (1944) ఆంధ్రమహాసభల అధ్యక్షులు. నిజాం వ్యతిరేక పోరాట నాయకుల్లో ఒకరు. 1952లోనూ, 1962లోనూ నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.”

వేదిక మీదికి:

“పుట్టింది భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో, 1908లో. 1938 స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు, తరువాత కమ్యూనిస్టు అయ్యారు. చిలుకూరు, భువనగిరి ఆంధ్రమహాసభలకు, చీలిక తరువాత 1945లో ఖమ్మం సభకు అధ్యక్షత వహించారు. 1948 తరువాత సాయుధ పోరాటం కొనసాగించవద్దన్నారు. 1952లో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థిగా నల్లగొండ నుంచి నెహ్రూను మించిన ఓట్లతో గెలిచారు.”

ఇంగ్లీషువాళ్ళు యాభై మాటలు, వంద మాటలు అని కొలత చెబుతారు. తెలుగులో ఆ లెక్క కుదరదు. వాళ్ళ నాలుగు మాటలు మనకు విభక్తులతో కలిసి ఒక్క మాట కావచ్చు. నేను గొంతెత్తి చదివి గడియారం చూస్తాను. పేరా ముప్పావు నిమిషం దాటితే సభలో దగ్గులు మొదలవుతాయి.

పుట సంగతి ఇక్కడ మొత్తం రాయను. అందులో తప్పక ఉండవలసినవి పైన చెప్పిన షరతులే: మడికొండ, మూడేళ్ళ భేదాభిప్రాయం, ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త కావాలి. బొల్లేపల్లి 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. 1908లో ఆ జిల్లా లేదు. ‘ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా’ అనాలి, లేదా జిల్లా మాట ఎత్తకుండా ‘భువనగిరి దగ్గరి’ అనాలి. చిట్యాల నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది కనుక మావాళ్ళు ఈ పొరపాటును వెంటనే పట్టుకుంటారు. పద్మవిభూషణ్ విషయంలో ఇంకో జారుడు ఉంది. ఆయన 1991 సెప్టెంబరు 7న కన్నుమూశారు, పురస్కారం 1992లో ప్రకటించారు. ‘పద్మవిభూషణ్ అందుకున్నారు’ అని రాస్తే చనిపోయిన మనిషిని వేదిక ఎక్కించినట్టే. ‘మరణానంతరం లభించింది’ అనాలి. జీవించి ఉన్న ఉపన్యాసకుల విషయంలో ఇదే చిక్కు ‘ప్రస్తుతం’ అనే మాట రూపంలో వస్తుంది. ఏడాది కిందటి పరిచయంలోని ప్రస్తుతం ఈ ఏడాదికి అబద్ధం. ఆ మాట తీసేసి ‘2019 నుంచి’ అని రాస్తే అంత త్వరగా పాతబడదు.

ఇక గౌరవం మాట. పరిచయాన్ని చాలాసార్లు ఉపన్యాసకులే రాసి పంపుతారు. తన పేరు పక్కన తాను ‘గారు’ రాసుకోవడం ఎవరికైనా ఇబ్బందే, ‘పుట్టాడు’ అని రాసుకుంటే నిర్వాహకుడు నలుగురిలో చదవలేడు. దీనికి తెలుగులో ఒక మంచి దారి ఉంది. పైన పేరా మొదట్లో నేను చేసింది అదే. ‘పుట్టింది ఫలానా ఊళ్ళో, చదివింది ఫలానా చోట, రాసిన పుస్తకాలు ఇవి’ అంటే క్రియ మనిషికి కాక పనికి అంటుకుంటుంది, గౌరవం ఎక్కువా కాదు, తక్కువా కాదు. క్రియ తప్పని చోట ‘-రు’ ఒక్కటే ఉంచి, ‘శ్రీ’నీ ‘గారు’నీ కాగితం మీద వదిలేస్తాను. చదివేవారు వాటిని తమ నోటితో ఎలాగూ కలుపుకుంటారు.

నిర్వాహకుడికి ఇచ్చే కాగితంలో ఏళ్ళను అంకెలతో పాటు అక్షరాల్లోనూ రాసిస్తాను. ‘1945’ అన్నదాన్ని మైకు ముందు ఒకరు ‘పందొమ్మిది వందల నలభై అయిదు’ అంటారు, ఒకరు ‘నైంటీన్ ఫార్టీఫైవ్’ అంటారు, కంగారులో ఇంకొకరు ‘యాభై నాలుగు’ కూడా అనేస్తారు.