మిగిలిన రొట్టె ముక్క

ఒక చర్చి రొట్టెనూ ద్రాక్షారసాన్నీ ఏమని నమ్ముతుందో తెలుసుకోవాలంటే ప్రసంగం వినక్కర్లేదు. ఆరాధన ముగిశాక మిగిలిన ముక్కను ఏం చేస్తారో చూస్తే చాలు. పల్నాడులో ఈ పరీక్ష తేలిక. రెంటచింతలలో ఆర్‌సీఎం వాళ్లు, గురజాలలో లూథరన్లు, నరసరావుపేటలో బాప్టిస్టులు. బస్సెక్కి ఒక్క పూటలో మూడూ చూసి రావచ్చు.

రెంటచింతల గుడిలో పూజ అయ్యాక ఫాదర్ మిగిలిన అప్పాలను పీఠం దగ్గరి చిన్న పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. పక్కన ఆరకుండా ఒక దీపం వెలుగుతుంటుంది. గిన్నెకు అంటిన పొడిని కూడా నీళ్లతో కడిగి ఆయనే తాగేస్తారు. ఎందుకంటే వాళ్ల నమ్మకంలో అది ఇక రొట్టె కాదు. రంగు, రుచి, వాసన రొట్టెవే కానీ లోపలి సారం క్రీస్తు శరీరంగా మారిపోయింది. 1215లో లాటరన్ సభ ఈ మార్పు మాటను వాడింది, 1551లో ట్రెంట్ సభ దాన్ని గట్టిగా ఖాయం చేసింది. అందుకే సరుకు విషయంలో కూడా రాజీ లేదు. అప్పం గోధుమపిండితోనే చేయాలి, రసం ద్రాక్షదే కావాలి. తరతరాలుగా జొన్న తిని బతికిన సీమ ఇది. అయినా జొన్నరొట్టె పెట్టి పూజ చేస్తే ఆ పూజ చెల్లదు.

దాచిపెట్టే అలవాటు మధ్యయుగాల్లో పుట్టింది కాదు. సుమారు 155లో రోమ్‌లో జస్టిన్ అనే ఆయన రాసిన వివరణలోనే, ఆరాధనకు రాలేనివాళ్ల ఇళ్లకు పరిచారకులు ఆ రొట్టె తీసుకెళ్లేవారని ఉంది. అంతకు వందేళ్ల ముందు పౌలు కొరింతువాళ్లకు రాసిన ఉత్తరంలో సమస్య వేరు. కలిగినవాళ్లు ముందే వచ్చి కడుపు నింపుకుంటున్నారు, లేనివాళ్లు ఆకలితో కూర్చుంటున్నారు. రొట్టె ఏమవుతుందన్న వాదం అప్పటికి రాలేదు, పంక్తిలో ఎవరు కూర్చోవాలన్నదే తగాదా. ఈ నేల మీద చదివితే ఆ ఉత్తరం పాతదిగా అనిపించదు.

రోమ్‌ను వదిలినవాళ్ల మధ్య అసలు చీలిక 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బర్గ్ కోటలో జరిగింది. లూథర్, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. వాదం మొదలవకముందే లూథర్ బల్ల మీద సుద్దతో ‘ఇది నా శరీరం’ అని లాటిన్‌లో రాసి పైన గుడ్డ కప్పాడు. అక్షరాలా అదే అర్థం, వంక పెట్టొద్దు అన్నాడు. శరీరం పరలోకంలో ఉండగా ఇక్కడెలా ఉంటుంది, ఇది గుర్తు మాత్రమే అన్నాడు జ్వింగ్లీ. లూథర్ గుడ్డ తీసి సుద్ద రాత చూపించాడు. పద్నాలుగు అంశాల మీద రాజీ కుదిరింది, పదిహేనోదైన ఈ రొట్టె దగ్గరే ఆగిపోయింది.

ఆ తగాదా అమెరికా మీదుగా పల్నాడు చేరింది. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు అమెరికన్ బాప్టిస్టులు నరసరావుపేటలో మిషన్ పెట్టారు. వీళ్లది సంస్కారం విషయంలో జ్వింగ్లీ దారి, హేయర్‌ది లూథర్ దారి. లూథరన్ దృష్టిలో రొట్టె రొట్టెగానే ఉంటుంది, దానిలో, దానితో, దాని కింద క్రీస్తు శరీరం నిజంగా ఉంటుంది. అయితే ఆ మాట భోజనం వరకే. కాబట్టి మిగిలింది మర్యాదగా తినేస్తారు, పెట్టెలో దాచి మొక్కరు. బాప్టిస్టు సంఘంలో బల్ల అయ్యాక మిగిలింది రొట్టె ముక్కే, పిల్లలకు ఇచ్చినా అపచారం కాదు. రసం పులియనిదైనా చాలు. అమెరికాలో వెల్చ్ అనే పళ్లవైద్యుడు 1869లో ద్రాక్షరసాన్ని కాచి పులవకుండా సీసాలో పట్టింది ఈ బల్ల కోసమే.

ఆర్థొడాక్సులు మన పల్లెల్లో కనిపించరు, హైదరాబాద్‌లోని మలయాళీల గుడికి వెళ్లాలి. వాళ్లు పొంగిన రొట్టె వాడతారు. 1054లో రోమ్‌తో గ్రీకు ఆర్థొడాక్సుల తెగతెంపులకు దారితీసిన గొడవల్లో, రోమ్ వాళ్ల పులియని అప్పం కూడా ఒకటి. గ్రీకు, రష్యన్ గుళ్లలో రొట్టెను ద్రాక్షారసంలో వేసి చెంచాతో అందిస్తారు, చంటిపిల్లలకు కూడా. అది క్రీస్తు శరీరమేనని గట్టిగా నమ్ముతారు. ఎలా మారిందంటే పరిశుద్ధాత్మను పిలిచాం, వచ్చాడు అంటారు, అంతకు మించి తర్కించరు. నాకు ఈ ఊరుకోవడమే లాటిన్ వివరణ కంటే నిజాయితీగా తోస్తుంది.

మంచాన పడ్డ ముసలామె ఇంట్లో ఈ తేడాలన్నీ మళ్లీ బయటపడతాయి. ఫాదర్ గుడిలోని పెట్టెలోంచి అప్పం తెస్తారు. లూథరన్ పాస్టరు సాధారణంగా మంచం పక్కనే ‘ఇది నా శరీరం’ అన్న మాటలు మళ్లీ పలికి ఇస్తారు. బాప్టిస్టు పాస్టరు ఇద్దరు సంఘస్థులతో వచ్చి అక్కడే రొట్టె విరుస్తారు, రాలేకపోతే ఆ నెల బల్ల తప్పిందని ఆమె రక్షణకు ఏ లోటూ లేదని చెబుతారు.