రుజువు భారం ఎవరిది?

గుమ్మఘట్ట విద్యార్థి ఒకడు నన్ను అడిగాడు: "మన భైరవానితిప్ప జలాశయం పక్కన రేపొక ఫాక్టరీ పెట్టి, అది విషం కక్కితే, తప్పు దానిదేనని మనమే రుజువు చేయాలా?" ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక నూరేళ్ళకు మించిన చరిత్ర ఉంది.

ఆ చరిత్ర కూడా ఒక నీటి కట్టతోనే మొదలయింది. ఇంగ్లండులో రైలాండ్స్ అనే మిల్లు యజమాని కట్టించిన జలాశయపు నీరు పొరుగువాని బొగ్గుగనిని ముంచింది. ప్రమాదకర వస్తువును తెచ్చి నిల్వచేసినవాడు, అది తప్పించుకొనిపోతే, నిర్లక్ష్యం రుజువు కాకున్నా బాధ్యుడేనని 1868లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది. దీనికి కఠిన బాధ్యత అని పేరు. అయితే దైవఘటన, పరాయివాని చేత అనే మినహాయింపులు దానికి తోడయ్యాయి. యజమానికి అవే తప్పించుకొనే దారులు.

భోపాల్ దారుణం 1984లో జరిగింది. ఏడాది తిరగగానే ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు వెలువడింది. 1986 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి భగవతి ఆ మినహాయింపులను తోసిపుచ్చి, సంపూర్ణ బాధ్యతను ప్రకటించారు. లాభం యజమానిది గనుక నష్టమూ అతనిదే; సంస్థ ఎంత పెద్దదయితే పరిహారం అంత పెద్దది. కాని ఆ సిద్ధాంతం భోపాల్ బాధితులకు అక్కరకు రాలేదు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది.

ఇప్పుడు విశాఖకు రండి. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెంకటాపురం మీద పడింది. పన్నెండుమంది మరణించారు. స్టైరీన్ ను చల్లగా ఉంచాలి. అది తనంతట తాను ముద్దకట్టకుండా ఒక మందు కలుపుతూ ఉండాలి. లాక్‌డౌనులో నిలిచిన కర్మాగారంలో ఈ రెండూ సరిగా జరగలేదు. ట్యాంకు అడుగున కొలిచిన వేడి పైభాగపు వేడిని చూపలేదు. సైరను మోగలేదు. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమన్నది. అయితే ఆ ఉత్తర్వులో వాడిన మాట కఠిన బాధ్యత! భోపాల్ నేర్పిన పాఠానికి ముందటి మాట అది. న్యాయవాదులు అభ్యంతరం చెప్పారు. జూన్ 1 నాటి ఉత్తర్వులో సంపూర్ణ బాధ్యత చోటుచేసుకున్నది. 2010 చట్టం 17వ సెక్షను కూడా తప్పు రుజువు కాకున్నా పరిహారం ఇప్పించవచ్చునని చెబుతుంది.

పాడుచేసినవాడే చెల్లించాలనే సూత్రం ఇక్కడ పనిచేసింది, నిజమే. కాని అది శవాల తర్వాత వచ్చే న్యాయం. తనకు సరయిన పర్యావరణ అనుమతి లేదని ఆ సంస్థే 2019లో ప్రమాణపత్రంలో ఒప్పుకున్నది. కర్మాగారం మాత్రం నడిచింది! విఫలమయింది చెల్లింపు సూత్రం కాదు, ముందు జాగ్రత్త సూత్రం.

ఆ సూత్రానికి పదును పెట్టిన తీర్పు మన తెలుగు నేలదే. హైదరాబాదుకు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల దగ్గర ఒక నూనెల పరిశ్రమ పెట్టబోతే, 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ధర్మాసనం రుజువు భారాన్ని తిరగవేసింది. హాని కలుగుతుందని ప్రజలు నిరూపించనక్కర లేదు. కలగదని పరిశ్రమ నిరూపించాలి.

కాబట్టి ఆ విద్యార్థికి నా జవాబు ఇది: రుజువు చేయవలసింది నువ్వు కాదు. కాని ఆ రుజువును అడగవలసింది మాత్రం నువ్వే, అదీ పునాదిరాయి పడక ముందే. తర్వాత అడిగితే దక్కేది పరిహారం ఒక్కటే.