పైకి జరిపితే ఉలిక్కిపడే జాబితా

2008లో ఐఫోన్‌కి ఆప్‌లు రాసే అవకాశం బయటి ప్రోగ్రామర్లకు దొరికింది. అప్పటి ఫోన్ జ్ఞాపకశక్తి 128 మెగాబైట్లే. అందులో వేల పేర్ల పరిచయాల జాబితాను వేలితో గీస్తే నీళ్లలా జారాలి. ఒక్కో పేరుకి ఒక్కో గడి తయారుచేస్తే ఫోన్ నిలబడదు. అందుకని UITableView అనే భాగాన్ని తయారుచేసినవాళ్లు ఒక ఉపాయం పట్టారు. తెర మీద కనిపించే పదో పన్నెండో గడులనే తయారుచేస్తారు. పైనుంచి ఒక గడి తప్పుకోగానే దాన్ని కిందికి తెచ్చి, కొత్త పేరు రాసి మళ్లీ వాడతారు. జాబితాలో పది వేల వరుసలున్నా నిజంగా ఉండే గడులు ఆ కొన్నే. ఇలా కనిపించినంత మేరకే కట్టే జాబితాను వర్చువల్ జాబితా అంటారు.

వరుసలన్నీ ఒకే ఎత్తులో ఉన్నంత కాలం ఇందులో చిక్కేమీ లేదు. ఒక్కో వరుస 44 అయితే వెయ్యో వరుస ముగిసేసరికి 44,000 అవుతుందని గుణకారం చెప్పేస్తుంది. కానీ మనుషులు రాసే సందేశాలు అలా ఉండవు. ఒకరు "సరే" అంటారు, ఇంకొకరు పేరాలకు పేరాలు రాస్తారు, మరొకరు ఫొటో పెడతారు. ఎత్తులు వేరువేరైతే టేబుల్ ముందుగానే ప్రతి వరుస ఎత్తూ అడిగేది. అక్షరాలు తెర వెడల్పులో ఎన్ని పంక్తులుగా విరుగుతాయో వేల వరుసలకు లెక్కకట్టేసరికి తెర తెరుచుకోవడమే ఆలస్యమయ్యేది.

2013లో, ఐఓఎస్ 7తో, ఆపిల్ ఒక రాజీ మార్గం చూపింది. అదే estimatedRowHeight. అసలు ఎత్తు వరుస కనబడే వేళకు కొలుద్దాం, అప్పటిదాకా సుమారు ఎత్తు ఒకటి చెప్పు, దానితో సరిపెట్టుకుంటాం అన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది వరుసలు తమ ఎత్తును తామే తేల్చుకునే పద్ధతి కూడా వచ్చింది. జాబితాలు చటుక్కున తెరుచుకోసాగాయి. ఆ అంచనాతోపాటే ఒక వింత జబ్బు కూడా వచ్చింది. కిందికి వెళ్తున్నప్పుడు అంతా హాయిగా ఉంటుంది. పైకి వస్తుంటే మాత్రం జాబితా ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. చదువుతున్న వాక్యం కళ్ల ముందునుంచి మాయమవుతుంది.

వెబ్ ప్రోగ్రామర్లూ ఇదే దారిలో నడిచి ఇదే గుంటలో పడ్డారు. 2015లో వచ్చిన react-virtualized లాంటి లైబ్రరీలు బ్రౌజర్‌లో పెద్ద జాబితాలను సాధ్యం చేశాయి, కానీ ఎగుడుదిగుడు వరుసల దగ్గర అదే ఉలికిపాటు కనిపించింది.

ఈ జబ్బు పైకి వెళ్లేటప్పుడే ఎందుకు బయటపడుతుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సంభాషణలో 5,000 సందేశాలున్నాయి. ఒక్కోటి 60 పిక్సెళ్లని అంచనా. చివరగా చదివిన చోటునుంచి తెరుద్దామని, పైన 2,000 సందేశాలను వదిలేసి నేరుగా మధ్యలోకి దిగాం. ఆ వదిలేసిన వాటిని ఎవరూ కొలవలేదు. కాబట్టి లెక్క ప్రకారం మనం జాబితా మొదలునుంచి 1,20,000 పిక్సెళ్ల దూరంలో ఉన్నాం. బ్రౌజర్ ఈ దూరాన్నే scrollTop అంటుంది.

ఇప్పుడు వేలితో 40 పిక్సెళ్లు జరిపి పైనున్న సందేశాన్ని చూడబోతాం. ఆ సందేశం తెర మీదికి రాగానే దాన్ని కొలుస్తారు. అందులో ఫొటో ఉంది, అసలు ఎత్తు 180. అంటే అంచనాకంటే 120 ఎక్కువ. దాని కిందున్న వరుసలన్నీ 120 పిక్సెళ్లు కిందికి తోసుకుపోతాయి. మనం చదువుతున్న వరుస కూడా వాటిలో ఒకటే. మనం జరిపింది 40, తెర కదిలింది 160. కిందికి వెళ్లేటప్పుడు కూడా అంచనాలు ఇంతే తప్పుతాయి. కాకపోతే ఆ తోపులాట తెర కింద, మనకు కనిపించని చోట జరుగుతుంది. స్క్రోల్ పట్టీ కాస్త కుదించుకుపోవడం తప్ప మరేమీ తెలియదు.

మొదట చాలామంది అంచనాను మెరుగుపరచబోయారు. కొలిచిన వరుసల సగటు తీసి దాన్నే అంచనాగా పెట్టారు. దానివల్ల స్క్రోల్ పట్టీ నిలకడగా నిలిచింది కానీ కుదుపు పోలేదు. "సరే" అన్న సందేశానికీ ఫొటో ఉన్న సందేశానికీ మధ్య సగటు రెండింటికీ తప్పే. కొందరు తెరకి పైనా కిందా అదనంగా పది వరుసలు కట్టి ఉంచారు. అప్పుడు కొలత కాస్త ముందే జరుగుతుంది. అయినా కొలవగానే కిందివన్నీ తోసుకుపోవడం ఆగలేదు. కంటికి ఆనని చోట పుట్టిన కుదుపు కంటి ముందే తేలింది. ఐఫోన్ ప్రోగ్రామర్లు కొలిచిన ఎత్తులను దాచుకుని, అంచనా అడిగినప్పుడు వాటినే తిరిగి ఇచ్చారు. ఒకసారి చూసిన వరుసల విషయంలో ఇది చక్కగా పనిచేసింది. ఎన్నడూ చూడని వరుసల దగ్గరా, ఫోన్ అడ్డంగా తిప్పగానే వెడల్పు మారి పాత కొలతలన్నీ చెల్లకుండా పోయినప్పుడూ మళ్లీ కథ మొదటికి వచ్చేది.

ఈ ప్రయత్నాలన్నీ తప్పును తగ్గించబోయాయి. తప్పు ఎక్కడినుంచి కొలుస్తున్నామన్న దాంట్లో ఉందని గుర్తించడానికి కాలం పట్టింది. విచిత్రమేమంటే, ఆ 2008లోనే వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్‌లో జవాబు ఉంది. అక్కడి ListView జాబితా మొదలునుంచి దూరం కొలిచేది కాదు. తెర మీద మొదట కనిపించేది ఎన్నో వరుస, అది తెర అంచుకి ఎంత దూరంలో ఉంది అన్న రెండే గుర్తుపెట్టుకునేది. మిగతా వరుసలను దాన్నుంచే పైకీ కిందికీ పేర్చుకునేది. ఊళ్లో ఇల్లు చెప్పమంటే పొలిమేరనుంచి ఎన్ని గజాలో ఎవరూ చెప్పరు, రామాలయానికి రెండిళ్ల అవతల అంటారు. పొలిమేర దగ్గర కొత్త ఇళ్లు ఎన్ని లేచినా ఆ గుర్తు చెడదు. ఆండ్రాయిడ్ జాబితా పట్టుకున్న కొండగుర్తు కూడా అలాంటిదే. పైన కొలవని వరుస ఎంత ఎత్తుగా తేలినా, అది పైకే పెరుగుతుంది. చదువుతున్న వరుస కదలదు.

అయితే బ్రౌజర్‌లో ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోవడం కుదరలేదు. అక్కడ స్క్రోల్ స్థానం బ్రౌజర్ చేతిలో ఉంటుంది, దానికి తెలిసింది పైనుంచి కొలిచిన ఒక్క సంఖ్యే.

బ్రౌజర్ వైపునుంచి సాయం వచ్చింది కానీ, అది ఈ జాబితాల కోసం బయల్దేరింది కాదు. వ్యాసం చదువుతుండగా పైన ఫొటోనో ప్రకటనో ఆలస్యంగా దిగి పేజీ మొత్తాన్ని కిందికి నెట్టేయడం అందరినీ విసిగించేది. ఆ బాధ తీర్చడానికి క్రోమ్ బృందం 2017లో, 56వ వెర్షన్‌తో, స్క్రోల్ యాంకరింగ్ అనే ఏర్పాటును అందరికీ ఇచ్చింది. తెర మీద కనిపిస్తున్న ఒక భాగాన్ని బ్రౌజర్ లంగరుగా ఎంచుకుంటుంది. పైన ఏదైనా పెరిగి ఆ లంగరు కదిలితే, కదిలినంత మేరా scrollTop సరిచేస్తుంది. ఒక్కో పేజీ సందర్శనలో దాదాపు మూడు కుదుపులను ఇది ఆపుతోందని ఆ ఏడాది క్రోమ్ బృందం ప్రకటించింది. 2019లో ఫైర్‌ఫాక్స్ 66 కూడా దీన్ని అందుకుంది.

వర్చువల్ జాబితాలకు ఇక దిగుల్లేదనిపించిన వేళ మరో చిక్కు ఎదురైంది. ఈ జాబితాలు తమ వరుసలను top తోనో transform తోనో తామే నిలబెట్టుకుంటాయి. లంగరు పడిన భాగానికి ఆ విలువలు మారితే, పేజీ రాసినవాళ్లు కావాలనే కదిలించారని బ్రౌజర్ అనుకుంటుంది, సర్దుబాటు మానేస్తుంది. అదే దాని నియమం. దాంతో లైబ్రరీలు రాసేవాళ్లు బ్రౌజర్‌నుంచి ఏర్పాటును కాక ఆలోచనను తీసుకున్నారు. కొలిచిన వరుస తెర పై అంచుకి ఎగువన మొదలైతే, అంచనాకీ అసలుకీ ఉన్న తేడాను తామే scrollTop కి కలిపారు.

```
const delta = actual - estimated;
if (row.start < scroller.scrollTop) {
  scroller.scrollTop += delta;
}
```

మన ఉదాహరణలో 40 జరిపాక scrollTop 1,19,960. ఫొటో సందేశం 1,19,940 దగ్గర మొదలవుతుంది కాబట్టి అది ఎగువదే. తేడా 120 కలిపితే 1,20,080. వరుసలు 120 కిందికి జరిగాయి, మన చూపూ 120 కిందికి జరిగింది. తెర మీద మిగిలేది వేలు జరిపిన 40 మాత్రమే. ఈ సవరణ రంగు తెర మీద పడేలోపే జరగాలి, లేకపోతే క్షణకాలపు మెరుపులా కుదుపు కనిపిస్తుంది. 2018లో క్రోమ్‌లో వచ్చిన ResizeObserver ఇక్కడ అక్కరకొచ్చింది. పేజీ అమరిక పూర్తయ్యాక, తెర మీద గీయడానికి ముందు అది కొత్త కొలత చెబుతుంది. ఆలస్యంగా దిగిన ఫొటో వల్ల వరుస పెరిగినా పసిగడుతుంది. బ్రౌజర్, లైబ్రరీ రెండూ ఒకే తేడాను సరిచేసి రెట్టింపు కుదుపు తేకుండా overflow-anchor: none అని బ్రౌజర్‌ని పక్కకు తప్పుకోమనడం కూడా అవసరమైంది.

చివరి అడ్డంకి ఐఫోన్‌లోని సఫారీ. వేలితో గట్టిగా విసిరితే, వేలు తీశాక కూడా జాబితా తన వేగంతో జారుతూ ఉంటుంది. ఆ జారుడు మధ్యలో scrollTop మారిస్తే వేగం అక్కడికక్కడే చచ్చిపోయేది. కుదుపు పోయి బ్రేకు వచ్చింది. రియాక్ట్‌లో పేరున్న Virtuoso లాంటి లైబ్రరీలు దీనికొక నేర్పైన దారి కనుగొన్నాయి. జారుడు సాగుతున్నంతసేపూ scrollTop జోలికి పోవు. తేడాలను ఒక అప్పుగా రాసుకుంటాయి, వరుసలనే margin తో అంత మేరా పైకి లాగి ఉంచుతాయి. జారుడు ఆగాక అప్పు మొత్తాన్ని ఒక్కసారి scrollTop లో జమచేసి margin ను సున్నా చేస్తాయి. రెండూ ఒకే ఫ్రేములో జరగడంతో కంటికి ఏమీ తెలియదు.

ఈ అప్పును ఎంతకాలమైనా మోయలేం. మన 2,000 సందేశాల అసలు సగటు 75 అనుకుందాం. పైన నిజంగా ఉన్నది 1,50,000 పిక్సెళ్లు, లెక్కలో ఉన్నది 1,20,000. అప్పు తీర్చకుండా జారుతూ పోతే 30,000 పిక్సెళ్ల సందేశాలు ఇంకా మిగిలుండగానే scrollTop సున్నాకి చేరుతుంది. ఇక పైకి వెళ్లే దారి మూసుకుపోతుంది. అందుకే సున్నాకి దగ్గరపడితే, వేగం పోయినా సరే, అప్పు తీర్చేయాలి.

మన జాబితాకి ఈ మందు పట్టిందో లేదో తేల్చుకోవడం తేలికే. నేరుగా మధ్యలోకి దిగి, ఒక వరుస మీద కన్ను నిలిపి నెమ్మదిగా పైకి జరపాలి. వేలు కదిలినంతే వరుసా కదిలితే లంగరు పట్టినట్టు. అప్పుడు కూడా స్క్రోల్ పట్టీ మాత్రం కొద్దిగా అటూ ఇటూ అవుతుంది, ఎందుకంటే మొత్తం పొడవు ఇంకా అంచనానే. కొలవని వరుసలున్నంతవరకు అబద్ధం ఎక్కడో ఒకచోట ఉండక తప్పదు. దాన్ని చదివే వాక్యం మీదినుంచి తప్పించి, ఎవరూ అంతగా పట్టించుకోని ఆ సన్నని పట్టీలోకి నెట్టడమే ఇన్నేళ్ల శ్రమ సాధించిన విజయం.